ఆన్‌లైన్‌లో సెల్లర్‌గా రిజిస్టర్ అవ్వాలంటే: ముందు పేర్లు సరిచూసుకోండి, తర్వాతే ఫారం

అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, మీషో లాంటి వాటిలో సెల్లర్ ఫారం నింపడానికి గంట కూడా పట్టదు. అయినా చాలామందికి వారాల తరబడి "Verification Pending" అనే కనిపిస్తుంటుంది. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. పాన్ కార్డులో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు, బ్యాంకు పాస్‌బుక్కులో మూడో పేరు ఉంటాయి. ఇంటిపేరు ముందు రాసే మన అలవాటు, దాన్ని ఒక్క అక్షరానికి కుదించే అలవాటు, పెళ్లయ్యాక ఇంటిపేరు మారడం, ఇవన్నీ కలిసి ఈ తంటా మనకు కాస్త ఎక్కువే తెస్తాయి. అందుకే ఇక్కడ చెప్పే వరుసలో ఫారం నింపడం చివర్లో వస్తుంది.

మాట్లాడుకోవడానికి వీలుగా ఒక ఉదాహరణ తీసుకుందాం. మంగళగిరిలో లక్ష్మి అనే ఆమె ఉందనుకోండి. మగ్గం నేసేవాళ్ల దగ్గర నూలు చీరలు కొని, ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో అమ్మాలనుకుంటోంది. కంపెనీ, పార్ట్‌నర్‌షిప్ ఏమీ లేవు, సొంత వ్యాపారమే. ఇల్లు మామగారి పేరు మీద ఉంది. ఆమె కాగితాల్లో పేర్లు ఇలా ఉన్నాయి:

```
PAN      : PASUPULETI LAKSHMI
Aadhaar  : Damarla Lakshmi
Bank     : P LAKSHMI
```

పాన్ పుట్టింటి ఇంటిపేరుతో ఉంది, ఆధార్ పెళ్లయ్యాక మార్చుకుంది, బ్యాంకు ఖాతా కాలేజీ రోజుల్లో తెరిచింది. మూడూ ఆమెవే అని మనకు తెలుసు. వెరిఫికేషన్ చేసే కంప్యూటర్‌కు మాత్రం ముగ్గురు వేరే మనుషులు కనిపిస్తారు.

మొదటి పని: మూడు పేర్లూ ఒకటి చేయడం

వీటిలో అసలైనది పాన్. జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో "Legal Name" పాన్ డేటాబేస్ నుంచే తీసుకుంటారు. మార్కెట్‌ప్లేస్ మీ జీఎస్టీ నంబరు చూసి ఆ పేరునే తెచ్చుకుంటుంది. బ్యాంకు వెరిఫికేషన్ కూడా ఆ పేరుతోనే పోల్చి చూస్తారు. కాబట్టి ఇకపై ఏ పేరుతో సాగాలో ముందు నిర్ణయించుకుని, పాన్‌లో ఆ పేరు ఉండేలా చూసుకోండి. లక్ష్మి ఆధార్‌లో ఉన్న అత్తింటి పేరుతోనే ఉండాలనుకుంటే, పాన్ కరెక్షన్‌కు దరఖాస్తు పెట్టుకోవాలి. పాన్ సేవలు చూసే Protean లేదా UTIITSL సంస్థ వెబ్‌సైట్‌లో ఈ పని చేయొచ్చు. పేరు మారినా పాన్ నంబరు మారదు. పాన్‌లో ఐదో అక్షరం ఇంటిపేరు మొదటి అక్షరం కదా, ఇప్పుడు అది కొత్త ఇంటిపేరుతో కలవదే అని కంగారు పడకండి. పాత నంబరే చెల్లుతుంది. పనిలో పనిగా పాన్, ఆధార్ లింక్ అయి ఉన్నాయో లేదో ఆదాయపు పన్ను వెబ్‌సైట్‌లో చూసుకోండి. లింక్ లేక పాన్ పనిచేయని స్థితిలో ఉంటే అన్నిటికంటే ముందు అది సరిచేసుకోవాలి.

పాన్ అయ్యాక బ్యాంకు. కొత్త పాన్, ఆధార్ జిరాక్సులు తీసుకుని బ్రాంచికి వెళ్లి, ఖాతాలో పేరు పూర్తిగా మార్చమని అడగండి. ఇక్కడ పాస్‌బుక్కు మీద ముద్రించిన పేరు చూసి సరే అనుకోవద్దు. కంప్యూటర్‌లో ఉన్న పేరే లెక్క. అది చూసుకోవడానికి తేలికైన దారి ఉంది. ఇంట్లో ఇంకొకరి బ్యాంకు యాప్ తెరిచి, డబ్బు పంపడానికి అన్నట్టు మీ ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ నింపండి. డబ్బు పంపే ముందే ఖాతాదారు పేరు కనిపించేలా ఏర్పాటు చేయాలని రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు 2025 ఏప్రిల్ 1 గడువు పెట్టింది. అక్కడ కనిపించే పేరునే మార్కెట్‌ప్లేస్ కూడా చూస్తుంది. యాప్‌లో అది కనిపించకపోతే ఒక్క రూపాయి పంపి చూడండి.

ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ గురించి మన దగ్గర ప్రత్యేకంగా చెప్పాల్సిన విషయం ఒకటుంది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. పాత పాస్‌బుక్కులో ANDB తో మొదలయ్యే కోడ్ ఉంటే అది ఇక చెల్లదు, UBIN తో మొదలయ్యే కొత్త కోడ్ తీసుకోవాలి. గ్రామీణ బ్యాంకులూ అంతే. ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు గ్రామీణ బ్యాంకులు 2025 మే 1న ఒకే బ్యాంకుగా కలిశాయి. తెలంగాణలోని ఏపీజీవీబీ బ్రాంచీలు అదే ఏడాది జనవరి 1న తెలంగాణ గ్రామీణ బ్యాంకులోకి వెళ్లాయి. మీ ఖాతా వీటిలో దేంట్లో ఉన్నా ఇప్పుడు నడుస్తున్న కోడ్ ఏదో బ్రాంచిలో అడిగి రాసుకోండి. కోడ్‌లో ఐదోది ఎప్పుడూ సున్నా. దాన్ని O అక్షరంగా టైప్ చేసి, ఎందుకు తీసుకోవట్లేదో తెలియక తల పట్టుకునేవాళ్లు చాలామందే.

కరెంట్ అకౌంట్ తప్పనిసరా అని చాలామంది అడుగుతారు. సొంత వ్యాపారానికి చాలా మార్కెట్‌ప్లేస్‌లలో సేవింగ్స్ ఖాతా సరిపోతుంది, ఖాతా పేరు జీఎస్టీలోని Legal Name తో కలిస్తే చాలు. షాపు పేరు మీద కరెంట్ అకౌంట్ తెరిస్తే మాత్రం ఆ షాపు పేరు జీఎస్టీ సర్టిఫికెట్‌లో "Trade Name" దగ్గర అక్షరం తేడా లేకుండా ఉండాలి. మొదట్లో సేవింగ్స్ ఖాతాతో మొదలుపెట్టడమే తేలిక. అమ్మకాలు పెరిగాక కరెంట్ అకౌంట్‌కు మారొచ్చు.

రెండో పని: జీఎస్టీ నంబరా, ఎన్‌రోల్‌మెంట్ నంబరా?

ఆన్‌లైన్‌లో వస్తువులు అమ్మాలంటే ఒకప్పుడు టర్నోవర్ ఎంతున్నా జీఎస్టీ ఉండాల్సిందే. 2023 అక్టోబర్ 1 నుంచి చిన్న వ్యాపారులకు ఒక వెసులుబాటు ఇచ్చారు. వస్తువులు అమ్మేవారి టర్నోవర్ పరిమితి లోపల ఉంటే, సొంత రాష్ట్రంలోనే అమ్మితే, జీఎస్టీ పోర్టల్‌లో ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుంటే సరిపోతుంది. ఆ పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి రూ.40 లక్షలు, తెలంగాణలో రూ.20 లక్షలు. ఎన్‌రోల్‌మెంట్ నంబరుకు `www.gst.gov.in` లో Services, User Services, Generate User ID for Unregistered Applicant వరుసలో వెళ్లి పాన్‌తో దరఖాస్తు చేయాలి. రిటర్నుల బాధ ఉండదు. అన్ని మార్కెట్‌ప్లేస్‌లూ దీన్ని తీసుకోవు, మీషో తీసుకుంటుంది.

మరి లక్ష్మి ఏది తీసుకోవాలి? మంగళగిరి చీర కొనేవాళ్లు విజయవాడ, గుంటూరులోనే ఉండరు. హైదరాబాద్‌లో ఉంటారు, బెంగళూరులో ఉంటారు. హైదరాబాద్ ఇప్పుడు వేరే రాష్ట్రం కాబట్టి ఎన్‌రోల్‌మెంట్ నంబరుతో అక్కడికి ఒక్క చీర కూడా పంపడానికి లేదు. కాబట్టి ఆమె మామూలు జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోవడమే మేలు. చుట్టుపక్కల జిల్లాలకే అమ్మే సామాన్లు, ఉదాహరణకు దూరం పంపితే పగిలిపోయే మట్టి కుండల్లాంటివి మీవైతే, ఎన్‌రోల్‌మెంట్‌తో మొదలుపెట్టి చూడండి.

మూడో పని: జీఎస్టీ రిజిస్ట్రేషన్

దీనికి ప్రభుత్వానికి కట్టాల్సిన ఫీజు ఏమీ లేదు. ఎవరైనా డబ్బులు అడిగితే అది వాళ్ల సర్వీసు చార్జీ అని గుర్తుంచుకోండి.

పోర్టల్‌లో New Registration నొక్కి, పాన్, మొబైల్, ఈమెయిల్ ఇస్తే ఓటీపీలు వస్తాయి. ఆ తర్వాత TRN అనే తాత్కాలిక నంబరు ఇస్తారు. 15 రోజుల్లోపు దాంతోనే లాగిన్ అయి మిగతా ఫారం పూర్తి చేయాలి, లేదంటే మళ్లీ మొదటికి వస్తుంది. కాగితాలన్నీ స్కాన్ చేసి పెట్టుకున్నాకే ఈ మెట్టు ఎక్కండి.

ఫారంలో జాగ్రత్తగా చూడాల్సినవి కొన్నే ఉన్నాయి. Option For Composition దగ్గర No పెట్టండి. కాంపోజిషన్ అంటే చిన్న వ్యాపారులు తక్కువ రేటుతో పన్ను కట్టే పద్ధతి, అది తీసుకుంటే వేరే రాష్ట్రాలకు అమ్మడానికి వీలుండదు. రిజిస్ట్రేషన్ ఎందుకు అని అడిగే చోట ఈ-కామర్స్ పోర్టల్ ద్వారా అమ్మకం అన్న కారణాన్ని ఎంచుకోండి. వ్యాపార స్వభావం దగ్గర Retail Business తో పాటు, సరుకు అక్కడే పెట్టుకుంటే Warehouse / Depot కూడా టిక్ చేయండి. అమ్మే వస్తువుకు హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ ఇవ్వాలి, తేలికపాటి నూలు చీరలు 5208 కింద వస్తాయి.

ఎక్కువ దరఖాస్తులు ఆగేది చిరునామా రుజువు దగ్గర. లక్ష్మి ఇల్లు మామగారిది కాబట్టి మూడు కాగితాలు కావాలి: మామగారి పేరు మీద ఉన్న కరెంటు బిల్లు గానీ ఇంటి పన్ను రశీదు గానీ, "మా ఇంట్లో మా కోడలు వ్యాపారం చేసుకోవడానికి నాకు అభ్యంతరం లేదు" అని ఆయన తెల్ల కాగితం మీద రాసి సంతకం పెట్టిన సమ్మతి పత్రం, ఆయన గుర్తింపు కార్డు. బిల్లు మీద డోర్ నంబరు, ఫారంలో మీరు రాసే డోర్ నంబరు ఒకటే ఉండాలి. మన ఊళ్లలో పాత నంబరు, కొత్త నంబరు అని రెండుంటాయి. కరెంటు బిల్లులో పాతది, ఇంటి పన్నులో కొత్తది ఉంటే అధికారికి అనుమానం వస్తుంది. మీరు అప్‌లోడ్ చేసే కాగితంలో ఏది ఉందో ఫారంలో అదే రాయండి. బిల్లు మీద ఇంకా తాతగారి పేరే ఉంటే దాన్ని పక్కన పెట్టి, ఇప్పటి యజమాని పేరున్న ఇంటి పన్ను రశీదు పెట్టండి.

చివర్లో ఆధార్ అథెంటికేషన్‌కు Yes పెట్టండి. ఫారం పంపాక మొబైల్‌కు, ఈమెయిల్‌కు లింకు వస్తుంది. కొందరిని వేలిముద్రల కోసం జీఎస్టీ సువిధా కేంద్రానికి రమ్మంటారు. అలా పిలిస్తే ఏదో తప్పు జరిగిందని టెన్షన్ పడక్కర్లేదు, చెప్పిన రోజున ఒరిజినల్ కాగితాలతో వెళ్లి రండి. అంతా సరిగ్గా ఉంటే మామూలుగా 7 పనిదినాల్లో నంబరు వస్తుంది. అధికారికి సందేహం ఉంటే నోటీసు పంపుతారు, దానికి 7 పనిదినాల్లో జవాబు ఇవ్వాలి. నోటీసు ఈమెయిల్ స్పామ్‌లో పడి గడువు దాటిపోయే ప్రమాదం ఉంది కాబట్టి రెండు రోజులకోసారి పోర్టల్‌లో ARN అనే దరఖాస్తు నంబరుతో స్టేటస్ చూస్తూ ఉండండి.

నంబరు వచ్చాక ఒకసారి చదివి చూడండి:

```
37  XXXPXNNNNX  1  Z  C
```

మొదటి రెండు అంకెలు రాష్ట్రం: ఆంధ్రప్రదేశ్ 37, తెలంగాణ 36. తర్వాతి పది మీ పాన్. ఒక వ్యక్తి పాన్‌లో నాలుగో అక్షరం P ఉంటుంది. ఆ తర్వాత 1 అంటే ఆ రాష్ట్రంలో ఆ పాన్ మీద ఇది మొదటి రిజిస్ట్రేషన్ అని. చివరిది తనిఖీ అక్షరం, టైపింగ్‌లో ఎక్కడ తప్పు పోయినా పట్టుకోవడానికి పెట్టింది.

జీఎస్టీ నంబరు వచ్చాక 30 రోజుల్లోపు, లేదా GSTR-1 అనే అమ్మకాల రిటర్ను మొదటిసారి వేసేలోపు, ఏది ముందైతే అప్పటికి బ్యాంకు ఖాతాను పోర్టల్‌లో నమోదు చేయాలి. మొదటి పనిలో పేర్లు కలుపుకున్నారు కాబట్టి ఇది వెంటనే అయిపోతుంది.

నాలుగో పని: సెల్లర్ ఫారం

ఇప్పుడు మార్కెట్‌ప్లేస్ ఫారం తెరవండి. అమెజాన్‌కు `sell.amazon.in`, ఫ్లిప్‌కార్ట్‌కు `seller.flipkart.com`, మీషోకు `supplier.meesho.com`. చిరునామా బార్‌లో మీరే టైప్ చేయండి, వాట్సాప్‌లో వచ్చే లింకులు నొక్కొద్దు.

మొబైల్ నంబరు మీ దగ్గరే ఎప్పటికీ ఉండేది ఇవ్వండి. కొడుకు కాలేజీ నంబరో, మేనల్లుడి నంబరో ఇస్తే, రేపు డబ్బు సంగతి చూసుకోవాలన్నా ఓటీపీ కోసం వాళ్లను బతిమాలుకోవాలి. జీఎస్టీ నంబరు కొట్టగానే Legal Name, చిరునామా వాటంతటవే వస్తాయి. స్టోర్ పేరు మాత్రం మీరు పెట్టుకోవాలి, అది కొనేవాళ్లకు కనిపించే పేరు. వేరేవాళ్ల బ్రాండ్ పేరు అందులో రానివ్వొద్దు. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మేవారి పేరు, చిరునామా కొనేవాళ్లకు చూపించాలి. ఇంటి నుంచి అమ్ముతున్న ఆడవాళ్లు ఈ సంగతి ముందే తెలుసుకోవడం అవసరం. ఇంటి అడ్రస్ బయటకు రావడం ఇష్టం లేకపోతే, జీఎస్టీ దరఖాస్తు పెట్టేముందే చిన్న షాపో, గదో చూసుకుని ఆ చిరునామాతో వెళ్లండి. తర్వాత మార్చడం కంటే అది తేలిక.

ఐదో పని: పికప్ అడ్రస్

కొరియర్ అబ్బాయి వచ్చి సరుకు తీసుకెళ్లే చోటు ఇది. రెండు నియమాలు గుర్తుంచుకోండి.

ఒకటి, పికప్ చోటు మీ జీఎస్టీ ఉన్న రాష్ట్రంలోనే ఉండాలి. లక్ష్మి జీఎస్టీ 37 తో మొదలవుతుంది. హైదరాబాద్‌లో అన్నగారి ఇంట్లో చీరలు పెట్టి అక్కడి నుంచి పంపుదామంటే కుదరదు, దానికి తెలంగాణలో 36 తో మొదలయ్యే ఇంకో రిజిస్ట్రేషన్ కావాలి. మంగళగిరిలో ఇల్లు, విజయవాడలో గోడౌన్ అయితే ఒకే రాష్ట్రం కాబట్టి ఇబ్బంది లేదు. కానీ ఆ గోడౌన్‌ను జీఎస్టీ పోర్టల్‌లో Additional Place of Business గా చేర్చుకోవాలి. మార్కెట్‌ప్లేస్ గోడౌన్‌లో సరుకు పెట్టే పద్ధతి ఎంచుకున్నా ఇదే మాట.

రెండోది పిన్‌కోడ్. మీ పిన్‌కోడ్‌కు పికప్ సేవ ఉందో లేదో ఫారం అక్కడికక్కడే చెబుతుంది. లేదంటే సరుకు మీరే కొరియర్ ఆఫీసుకు తీసుకెళ్లి ఇవ్వాలి, లేదా పికప్ ఉన్న పక్క పిన్‌కోడ్‌లో చోటు చూసుకోవాలి. పల్లెల్లో ఉన్నవాళ్లు జీఎస్టీకి ముందే ఈ ఒక్కటీ చూసుకుంటే శ్రమ తప్పుతుంది.

అడ్రస్ రాసేటప్పుడు డోర్ నంబరు, వీధి పేరు మాత్రమే రాసి వదిలేయకండి. మన వీధుల్లో డోర్ నంబరు పట్టుకుని ఇల్లు కనుక్కోవడం కొత్తవాళ్ల వల్ల కాదు. లాండ్‌మార్క్ గడిలో "శివాలయం వెనక రెండో సందు, నీలం గేటు" అన్నంత వివరంగా ఇంగ్లీషు అక్షరాల్లో రాయండి. పగటిపూట ఫోన్ ఎత్తేవాళ్ల నంబరు ఇవ్వండి. అబ్బాయి వచ్చినప్పుడు ఫోన్ ఎత్తకపోతే పికప్ జరగలేదని నమోదవుతుంది, అలా పదేపదే జరిగితే అకౌంటుకే మంచిది కాదు.

ఆరో పని: బ్యాంకు వెరిఫికేషన్

ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ ఇచ్చాక మార్కెట్‌ప్లేస్ మీ ఖాతాలో చిన్న మొత్తం వేస్తుంది, సాధారణంగా ఒక్క రూపాయి. దాంతోపాటే బ్యాంకు నుంచి ఖాతాదారు పేరు వస్తుంది, దాన్ని మీ Legal Name తో పోల్చి చూస్తారు. రూపాయి పడింది కానీ వెరిఫికేషన్ ఫెయిల్ అని వస్తే పేరు కలవలేదని అర్థం. రూపాయే పడకపోతే ఖాతా నంబరు గానీ కోడ్ గానీ తప్పు, లేదా చాలాకాలం వాడక ఖాతా పనిచేయకుండా పోయింది. ఈ తేడా తెలిస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

కొన్నిచోట్ల క్యాన్సిల్డ్ చెక్కు కూడా అడుగుతారు. చెక్కు మీద అడ్డంగా రెండు గీతలు గీసి CANCELLED అని రాయండి, సంతకం పెట్టకండి. పేరు ముద్రించని చెక్కు అయితే దాన్ని ఒప్పుకోరు. పాస్‌బుక్కు మొదటి పేజీ గానీ, బ్యాంకు స్టేట్‌మెంట్ గానీ పెట్టండి. ఖాతా నంబరు, కోడ్ ఎక్కడా గీత కింద పడకుండా చూడండి.

ఈ వెరిఫికేషన్‌లో మీరు ఎవరికీ డబ్బు పంపక్కర్లేదు, యూపీఐ పిన్ కొట్టాల్సిన పనే లేదు. "మేడమ్, మీ సెల్లర్ అకౌంట్ యాక్టివేట్ చేస్తాం, ఓటీపీ చెప్పండి" అని ఫోన్ వస్తే పెట్టేయండి.

అకౌంట్ తెరుచుకున్నాక

జీఎస్టీ తీసుకున్న నెల నుంచే రిటర్నులు వేయాలి, అమ్మకాలు లేకపోయినా సరే. అమ్మకాలు లేని రిటర్ను ఆలస్యమైతే రోజుకు రూ.20 లేటు ఫీజు పడుతుంది. అదేపనిగా వేయకపోతే రిజిస్ట్రేషన్ సస్పెండ్ అవుతుంది, దాంతో మార్కెట్‌ప్లేస్‌లో లిస్టింగులూ ఆగిపోతాయి. ఏడాది టర్నోవర్ రూ.5 కోట్ల లోపు ఉన్నవాళ్లు మూడు నెలలకోసారి వేసే పద్ధతి ఎంచుకోవచ్చు, లక్ష్మి లాంటివాళ్లకు అదే నయం.

మొదటి పేమెంట్ స్టేట్‌మెంట్ వచ్చినప్పుడు కమీషన్, షిప్పింగ్‌తో పాటు టీసీఎస్ అని ఒక చిన్న కోత కనిపిస్తుంది, అది మార్కెట్‌ప్లేస్ మీ డబ్బులోంచి ముందే పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను. జీఎస్టీతో కలిపి రూ.1,050 కి అమ్మిన చీరలో అసలు ధర రూ.1,000, పన్ను రూ.50. టీసీఎస్ అసలు ధర మీద 0.5 శాతం, అంటే రూ.5. ఈ రేటు 2024 జూలై 10 నుంచి నడుస్తోంది. ఈ ఐదు రూపాయలు ఎక్కడికీ పోవు, అయితే అడిగి తీసుకోవాలి. జీఎస్టీ పోర్టల్‌లో TDS and TCS Credit Received అనే చోటికి వెళ్లి, మార్కెట్‌ప్లేస్ చూపించిన లెక్కను మీ లెక్కతో సరిపోల్చి, Accept నొక్కి ఫైల్ చేస్తే మీ క్యాష్ లెడ్జర్‌లో జమవుతుంది, పన్ను కట్టేటప్పుడు వాడుకోవచ్చు. ఆదాయపు పన్ను కింద 0.1 శాతం టీడీఎస్ కూడా ఉంది. సొంత పేరుతో అమ్మేవాళ్లు పాన్ ఇచ్చి, ఆ మార్కెట్‌ప్లేస్‌లో ఏడాది అమ్మకాలు రూ.5 లక్షల లోపు ఉంటే అది కోయరు. కోసి ఉంటే Form 26AS లో కనిపిస్తుంది, ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుకుంటుంది.